సీనియర్, కొత్త టీచర్ల మధ్య ఒప్పంద పత్రం (గణితం)

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంట్ విజయలక్ష్మి గారు (ఇకపై సీనియర్), డీఎస్సీ ద్వారా ఈ ఏడాది చేరిన సతీశ్ గారు (ఇకపై కొత్త టీచర్) 2025 నవంబరు 3న రాసుకున్నది. 2026 ఏప్రిల్ 10 వరకు అమల్లో ఉంటుంది.

1. పరిధి: 6, 7 తరగతుల్లో పాఠం చెప్పడం, క్లాసు నడపడం, నోట్సులు దిద్దడం, పరీక్ష పేపర్లు తయారుచేయడం. జీతం బిల్లులు, సెలవుల సంగతి ఆఫీసులో అడగాలి. ఆ మాటలు మొదలైతే పీరియడ్ వాటికే సరిపోతుంది.

2. కలిసే వేళ: బుధవారం చివరి పీరియడ్, 45 నిమిషాలు, సైన్స్ ల్యాబ్‌లో. స్టాఫ్ రూములో వద్దు. పదిమంది వింటుంటే ఎవరూ తన ఇబ్బంది ఉన్నదున్నట్టు చెప్పరు. ఆ పీరియడ్‌లో ఇద్దరికీ అడ్జస్ట్‌మెంట్ వేయనని హెచ్‌ఎం గారు ఒప్పుకున్నారు. అయినా పడితే గురువారం ప్రార్థనకు అరగంట ముందు కలవాలి. జనవరి నుంచి సీనియర్‌కు పదో తరగతి ప్రత్యేక తరగతులు ఉంటాయి కాబట్టి ఆ గురువారం వేళే ఖాయం. పరీక్షల వారంలో కలవక్కర్లేదు.

వచ్చే వారం పాఠాల్లో కష్టమనిపించిన ఒక్కదానికి లెసన్ ప్లాన్ రాసి, కొత్త టీచర్ మంగళవారం సాయంత్రానికి ఇవ్వాలి. సీనియర్ తన పాత ప్లాన్లు ఇవ్వరు. ఇస్తే చూసి రాసుకోవడమే మిగులుతుంది.

3. క్లాసు చూడటం: మొదటి రెండు వారాలు కొత్త టీచర్ సీనియర్ క్లాసులో కూర్చుంటారు. తర్వాత నెలకు రెండుసార్లు సీనియర్ వచ్చి చూస్తారు. ఏం చూడాలో ముందురోజే కొత్త టీచర్ చెప్పాలి, అదీ ఒక్కటే: ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారు, వెనక బెంచీలను అడుగుతున్నారా, (−3) − (−5) కి −8 అన్న పిల్లను మళ్లీ ఎలా ఆలోచింపజేశారు, ఇలాంటివి. సీనియర్ చివరి బెంచీలో కూర్చుంటారు, మధ్యలో మాట్లాడరు, సుద్దముక్క అందుకోరు. అందుకుంటే ఆ రోజు నుంచి పిల్లలు సందేహాలు ఆవిడనే అడుగుతారు. బోర్డు మీద తప్పు ఉండిపోతే చీటీ అందిస్తారు. చూసిన రోజే పది నిమిషాలు మాట్లాడుకోవాలి. బుధవారం దాకా ఆగితే ఎవరేమన్నారో ఇద్దరికీ గుర్తుండదు.

4. గోప్యత: పరిశీలన నోటుబుక్కు ఒక్కటే, అది కొత్త టీచర్ దగ్గరే ఉంటుంది, సీనియర్ ఫొటోలు తీసుకోరు. హెచ్‌ఎం గారికి కలిసిన తేదీలు మాత్రమే తెలుస్తాయి. ప్రొబేషన్ విషయంలో సీనియర్ నోటిమాటగానైనా అభిప్రాయం చెప్పరు. సీనియర్ క్లాసులో చూసిన లోపాలను కొత్త టీచర్ కూడా బయట అనకూడదు. వాట్సాప్‌లో పిల్లల పేర్లు, మార్కులు పెట్టకూడదు.

రెండు విషయాల్లో గోప్యత వర్తించదు. పిల్లలను కొట్టడం విద్యాహక్కు చట్టం (2009) సెక్షన్ 17 ప్రకారం నిషేధం. తెలిస్తే హెచ్‌ఎం గారికి అదే రోజు చెప్పాలి. లైంగిక వేధింపు అనుమానం వస్తే పోక్సో చట్టం (2012) సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు తెలపాలి. హెచ్‌ఎం గారికి చెప్పాం కదా అని ఊరుకుంటే చాలదు. పిల్లల సహాయానికి నంబరు 1098.

5. విరమణ: ఎవరైనా కారణం చెప్పకుండానే ఒక చీటీ రాసిచ్చి తప్పుకోవచ్చు. ఎందుకని హెచ్‌ఎం గారు అడగరు, మరొకరిని కేటాయిస్తారు. నాలుగో అంశం ఆ తర్వాతా వర్తిస్తుంది.

మూడు ప్రతులు: ఇద్దరికీ చెరొకటి, హెచ్‌ఎం గారికి ఒకటి.

సంతకాలు: విజయలక్ష్మి (సీనియర్), సతీశ్ (కొత్త టీచర్), ప్రధానోపాధ్యాయులు (రెండు, నాలుగు, ఐదు అంశాలకు సమ్మతిస్తూ)