జూన్ 22 నుంచి మన పనులన్నీ జీరాలోనే: ట్రైనింగ్ తేదీలు, మీరు ముందుగా చేయాల్సినవి

అందరికీ నమస్కారం.

జూన్ 22, 2026 సోమవారం ఉదయం 9 గంటల నుంచి మన ప్రాజెక్టుల పనంతా జీరాలోనే నడుస్తుంది. ఇప్పుడు వాడుతున్న పాత టూల్, దాని పక్కనే పెరిగిపోయిన ఎక్సెల్ షీట్లు అంతకుముందు శుక్రవారం, జూన్ 19 సాయంత్రం 6 గంటలకు ఆగిపోతాయి. ఆ తర్వాత వాటిని చూడగలరు గానీ ఏమీ మార్చలేరు.

ఎందుకు మారుతున్నామో చాలామందికి తెలుసు. పోయిన నెల ఒక కస్టమర్ ఫోన్ చేసి, లాగిన్ పేజీలో తప్పు ఎర్రర్ మెసేజ్ సరిచేశారా లేదా అని అడిగారు. పాత టూల్‌లో ఆ పని ఇంకా మొదలుకాలేదు. షీట్‌లో టెస్టింగ్‌లో ఉంది. చాట్ గ్రూప్‌లో వెతికితే నాలుగు రోజుల కిందటే రిలీజ్ అయిపోయిందని తేలింది. ఒక్క లైన్ జవాబుకి నలభై నిమిషాలు పట్టింది. తప్పు ఎవరిదీ కాదు, ఒకే పనిని మూడు చోట్ల రాసుకుంటే అంతే. కొత్త టూల్‌తో పాటు షీట్లు కూడా ఆపేస్తున్నది అందుకే. వాటిని వదిలేస్తే ఆర్నెల్లలో మూడు కాస్తా నాలుగవుతాయి.

ట్రైనింగ్ అంతా ఆన్‌లైన్‌లోనే. లింకులు ఈరోజే మీ క్యాలెండర్లకు వస్తాయి.

జూన్ 9, మంగళవారం, ఉదయం 11 నుంచి 12:30 – డెవలపర్లు, టెస్టర్లు
జూన్ 10, బుధవారం, మధ్యాహ్నం 3 నుంచి 4:30 – డిజైన్, కంటెంట్, సపోర్ట్
జూన్ 11, గురువారం, ఉదయం 11 నుంచి 1 – టీమ్ లీడ్లు, ప్రాజెక్ట్ మేనేజర్లు
జూన్ 16, మంగళవారం, సాయంత్రం 4 నుంచి 5:30 – పై మూడింటిలో దేనికీ రాలేకపోయినవాళ్లు

రికార్డింగ్ ఉంటుంది కదా, తర్వాత చూసుకుందాం అనుకోకండి. సెషన్‌లో సగం టైమ్ మీ చేత చేయించడానికే. PLAY అనే ప్రాక్టీస్ ప్రాజెక్ట్ ఒకటి పెట్టాం. అందులో ఇష్టమొచ్చినట్టు టాస్కులు క్రియేట్ చేయండి, ఒకరికొకరు అసైన్ చేసుకోండి, చెడగొట్టండి. జూన్ 19న దాన్ని ఎలాగూ డిలీట్ చేస్తాం.

డెవలపర్లకు ఒక మాట: రిపోజిటరీలను జీరాకి కలుపుతున్నాం. కమిట్ మెసేజ్‌లో టాస్క్ నంబర్ రాస్తే చాలు, ఆ కమిట్ టాస్క్‌లోనే కనిపిస్తుంది. ఇలా:

```
git commit -m "WEB-142 login error text"
```

పాత టూల్‌లో ఇంకా ఓపెన్‌గా ఉన్న టాస్కులు, ఈ ఏడాది జనవరి 1 తర్వాత క్లోజ్ చేసినవి జీరాలోకి వస్తాయి. కామెంట్లు, అటాచ్ చేసిన ఫైళ్లు కూడా వస్తాయి. కామెంట్ మధ్యలో పేస్ట్ చేసిన స్క్రీన్‌షాట్లు మాత్రం రావు. రెండుసార్లు ట్రయల్ వేసి చూశాం, రెండుసార్లూ రాలేదు. ముఖ్యమైనవి ఉంటే ఫైల్‌గా అటాచ్ చేసుకోండి. పాత నంబర్లు పోవు, Old ID అనే ఫీల్డ్‌లో ఉంటాయి, దాంతో వెతుక్కోవచ్చు. జనవరి 1కి ముందు క్లోజ్ చేసినవి డిసెంబర్ 31 వరకు పాత టూల్‌లోనే చూసుకోవచ్చు.

జూన్ 17, బుధవారం సాయంత్రం 6 లోపు మీ పేరు మీదున్న టాస్కులు ఒకసారి తిరగేయండి. అయిపోయినవి, ఇక ఎవరూ చేయరని తెలిసినవి క్లోజ్ చేయండి. ఇల్లు మారేటప్పుడు చెత్త కూడా మూట కట్టుకుని పోము కదా! ఎవరి పేరూ లేని టాస్కులు ఆ టీమ్ లీడ్ పేరు మీదకు వెళ్తాయి. లీడ్లూ, ఈ వాక్యం ఇంకోసారి చదువుకోండి. షీట్లలో మాత్రమే ఉన్న పనులను ఆలోపే పాత టూల్‌లోకి ఎక్కించాలి. షీట్ల నుంచి మేం నేరుగా ఏమీ తీసుకోవడం లేదు.

డేటా మార్చే పని జూన్ 20, 21 తేదీల్లో జరుగుతుంది. ఆ రెండు రోజుల్లో అర్జెంట్ సమస్య వస్తే ఎప్పటిలాగే ఆన్‌కాల్ వాళ్లకు ఫోన్ చేయండి, టాస్క్ సోమవారం రాసుకోవచ్చు. ఆదివారం సాయంత్రం 5 గంటలకు లెక్కలు సరిచూస్తాం. టాస్కుల సంఖ్య తేడా వచ్చినా, ఫైళ్లు తెరుచుకోకపోయినా పాత టూల్‌నే మళ్లీ తెరిచి, మార్పును వారం వాయిదా వేస్తాం. ఏ సంగతైనా ఆ రాత్రి 8 లోపు మెయిల్ చేస్తాం.

మొదటి వారం పని కాస్త నెమ్మదిస్తుందని మాకు తెలుసు. ఆ వారం డెడ్‌లైన్లను ప్రాజెక్ట్ మేనేజర్లు ఇప్పటికే రెండు రోజులు జరిపారు, కాబట్టి టెన్షన్ పడొద్దు. జూన్ 22 నుంచి 26 వరకు రోజూ ఉదయం 10 నుంచి 11 దాకా మాలో ఒకరు ఆన్‌లైన్‌లో ఉంటాం. ఎంత చిన్న డౌట్ అయినా వచ్చి అడగండి. మిగతా టైమ్‌లో ‘జీరా సహాయం’ చాట్ గ్రూప్‌లో రాయండి.

జూన్ 5 శుక్రవారం లాగిన్ ఆహ్వానం మెయిల్‌లో వస్తుంది. సోమవారానికి కూడా రాకపోతే స్పామ్‌లో చూసి, అక్కడా లేకపోతే మాకు చెప్పండి.

ఇట్లు,
ప్రాజెక్ట్ ఆపరేషన్స్ టీమ్
జూన్ 2, 2026