స్టాక్ డేటాబేస్ మార్పిడి: డబ్ల్యూబీఎస్ డిక్షనరీ, వెర్షన్ 2

ఎఫర్ట్ అంతా పనిగంటల్లో ఉంది. ఎన్ని రోజులు పడుతుందో షెడ్యూల్‌లో చూడండి. ప్యాకేజీకి ఓనర్ ఒక్కరే. ఎంతమంది చేయి వేసినా జవాబు చెప్పాల్సింది వారే.

1.1 ఐటెమ్ మాస్టర్ శుభ్రం చేయడం
ఓనర్: స్టోర్స్ ఇన్‌చార్జ్. ఎఫర్ట్: 40.
డెలివరబుల్: 4,200 ఐటెమ్‌లు సరిచూసిన `items.csv`, రద్దయిన కోడ్ దేనిలో కలిసిందో చూపే పట్టిక.
అంగీకార షరతు: ఒకే కోడ్ రెండు వరుసల్లో ఉండకూడదు, యూనిట్ గడి ఎక్కడా ఖాళీగా ఉండకూడదు. కోడ్‌లన్నీ అయిదంకెలే. ఫైల్‌ను స్ప్రెడ్‌షీట్‌లో మామూలుగా తెరిచి సేవ్ చేస్తే 00417 కాస్తా 417 అయిపోతుంది, పాత లావాదేవీలు ఆ ఐటెమ్‌కు అతకవు. అందుకే కోడ్ కాలమ్‌ను టెక్స్ట్‌గానే దిగుమతి చేయాలి.

1.2 కొత్త సర్వర్
ఓనర్: సిస్టమ్ అడ్మిన్. ఎఫర్ట్: 12.
డెలివరబుల్: పోస్ట్‌గ్రెస్ నడుస్తున్న సర్వర్, రోజువారీ బ్యాకప్‌తో.
అంగీకార షరతు: ఒక బ్యాకప్‌ను వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూపాలి. బ్యాకప్ ఫైల్ కనిపించినంత మాత్రాన ఒప్పుకోం.

1.3 ట్రయల్ లోడ్
ఓనర్: డేటాబేస్ డెవలపర్. ఎఫర్ట్: 56. అసలు రిస్కంతా ఇక్కడే ఉంది, గంటలు తగ్గించమని అడగవద్దు.
పని: టేబుళ్లను `COPY`తో ఎక్కించడం, తేడాలు వెతకడం, స్క్రిప్టు సరిదిద్ది మళ్లీ మొదటినుంచి ఎక్కించడం. రిపోర్టుల మార్పు ఇందులో లేదు.
డెలివరబుల్: లోడ్ స్క్రిప్టు, తేడాల రిపోర్టు.
అంగీకార షరతు: వరుసగా రెండు లోడ్‌లు చేతి సవరణ లేకుండా పూర్తవ్వాలి, ఒక్కోటీ 3 గంటల్లోపు. వరుసల సంఖ్య కలిస్తే చాలదు. గోదాం వారీగా, ఐటెమ్ వారీగా నిల్వ ఒక్క యూనిట్ తేడా లేకుండా పాతదానితో కలవాలి. తర్వాత కొత్త ఐటెమ్ ఒకటి స్క్రీన్ నుంచి చేర్చి చూడాలి. ఐడీలతో సహా ఎక్కించినప్పుడు సీక్వెన్స్ తనంతట తాను ముందుకు జరగదు, మొదటి కొత్త ఎంట్రీకే డూప్లికేట్ కీ ఎర్రర్ వస్తుంది. స్క్రిప్టు చివర ఇది ఉండాలి:

```sql
SELECT setval(
  pg_get_serial_sequence('items','item_id'),
  (SELECT max(item_id) FROM items));
```

1.4 యూజర్ పరీక్ష
ఓనర్: టెస్ట్ లీడ్. ఎఫర్ట్: 24.
డెలివరబుల్: స్టోర్స్ సిబ్బంది నడిపిన 30 కేసుల ఫలితాలు.
అంగీకార షరతు: రసీదు, జారీ, వాపసు కేసులన్నీ పాస్. మిగతావాటిలో రెండుకు మించి ఫెయిల్ కాకూడదు, వాటికీ సరిచేసే తేదీ రాసి ఉండాలి.

1.5 కట్‌ఓవర్
ఓనర్: ప్రాజెక్ట్ మేనేజర్. ఎఫర్ట్: 18 (ముగ్గురు, ఆరేసి గంటలు).
డెలివరబుల్: కొత్త డేటాబేస్‌పై నడుస్తున్న స్టాక్ అప్లికేషన్.
అంగీకార షరతు: పాత డేటాబేస్ రీడ్-ఓన్లీ అయ్యాకే లోడ్ మొదలవ్వాలి, లేకపోతే మధ్యలో పడిన ఎంట్రీలు ఎక్కడా దొరకవు. నాలుగో గంట ముగిసేసరికి నిల్వలు కలవకపోతే పాతదానికి తిరిగి వెళ్లాలి, ఆ నిర్ణయం ఓనర్‌దే. కొత్తదానిపై మొదటి రోజు ముగింపు నిల్వను స్టోర్స్ ఇన్‌చార్జ్ 50 ఐటెమ్‌ల భౌతిక లెక్కతో పోల్చి సంతకం చేశాకే ప్యాకేజీ మూసేస్తాం.