కొత్తది కొనే ముందు ఒక్క నిమిషం ఆగండి

ఇళ్లల్లో రిపేర్లు చేసిపెట్టే మా యాప్‌కి నెల్లూరు, కావలి, ఒంగోలు ఇళ్ల నుంచి రోజూ వచ్చే ప్రశ్నలు ఇవి. కొన్నింటికి మా మనిషి రావాల్సిన పని కూడా ఉండదు, జవాబు చదివి మీరే చేసుకోవచ్చు. మీ చేతిలో లేనిదైతే కింద బుక్ బటన్ ఎలాగూ ఉంది.

ఫ్యాన్ తిరుగుతోంది కానీ గాలి రావడం లేదు. పారేసి కొత్తది కొనాలా?

చాలాసార్లు అక్కర్లేదు. రెగ్యులేటర్ ఐదులో పెట్టినా నీరసంగా తిరుగుతోందంటే, లేదా కర్రతో తోస్తే గానీ మొదలవడం లేదంటే, ముందు అనుమానించాల్సింది కండెన్సర్ని. ఫ్యాన్ మోటారు పైనుండే గిన్నెలాంటి మూతలో చిన్న డబ్బాలా ఉంటుంది, దాని మీద 2.5 అనో 3.15 అనో అంకె ఉంటుంది, పాతదానిమీద ఏ అంకె ఉంటే అదే వేయాలి. ఎక్కువ అంకెది వేస్తే ఇంకా స్పీడు వస్తుందని కొందరు వేయిస్తారు, దాంతో వైండింగ్ వేడెక్కి అసలుకే మోసం వస్తుంది. వస్తువు ధర మామూలుగా వంద రూపాయల్లోపే. గరగరమని చప్పుడు కూడా వస్తుంటే బేరింగులు చూడాలి. రిమోట్‌తో నడిచే కొత్తరకం ఫ్యాన్లలో లోపల సర్క్యూట్ బోర్డు ఉంటుంది, వాటికి ఈ లెక్క పనికిరాదు.

ఏసీ చల్లబడటం లేదు. గ్యాస్ అయిపోయిందంటున్నారు, నిజమేనా?

ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉందని అర్థం, ఆ లీకు వెతకకుండా గ్యాస్ నింపడమంటే చిల్లి కుండలో నీళ్లు పోయడమే. వేదాయపాళెంలో ఒక పెద్దమ్మగారింట్లో రెండు ఎండాకాలాల్లో మూడుసార్లు గ్యాస్ నింపించుకున్నారు, మూడుసార్లూ నెలా రెండు నెలలే చల్లగాలి. మా కుర్రాడు వెళ్లి బయటి యూనిట్ దగ్గర రాగి గొట్టం కలిసే ఇత్తడి నట్టుకి సబ్బు నురగ రాసి చూస్తే, ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. నట్టు విప్పి గొట్టం అంచు కొత్తగా తీర్చి బిగించి, లోపలి గాలంతా వ్యాక్యూమ్ పంపుతో లాగేసి, ఆ తర్వాతే గ్యాస్ ఎక్కించాడు. "ఈ నట్టు కోసమా నాయనా ఇన్ని వేలు పోసింది" అని ఆమె అన్న మాట మాకు ఇంకా గుర్తుంది. అందుకే మా యాప్‌లో లీకు టెస్టు చేయకుండా గ్యాస్ నింపే సర్వీసే పెట్టలేదు.

అసలు అంతదాకా పోకముందు ఫిల్టర్ చూడండి. ముందు మూత ఎత్తితే వలలాంటి ప్లాస్టిక్ జల్లెడలు రెండు కనిపిస్తాయి. వాటికి దుమ్ము బూజులా పట్టి ఉంటే గాలి ఎక్కడ నుంచి వస్తుంది? కొళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టి పెట్టేయండి, ఎండాకాలంలో రెండు వారాలకోసారి ఈ పని చేస్తే సగం ఫిర్యాదులు ఉండవు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి, ఉప్పుగాలి బయటి యూనిట్ కాయిల్‌ని తొందరగా తినేస్తుంది, దాన్ని అప్పుడప్పుడు మంచినీళ్లతో కడిగించుకోవాలి. బోరు ఉప్పునీళ్లతో మాత్రం కడగనివ్వద్దు.

ఏసీ నుంచి ఇంట్లోకి నీళ్లు కారుతున్నాయి.

నీళ్లు పోయే పైపులో పాచో, మట్టో, పురుగో అడ్డం పడి ఉంటుంది. అరగంట పని.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోంది. పెద్దది వేయించుకోవచ్చా?

దయచేసి వద్దు. ఇది మాత్రం గట్టిగా చెబుతాం. ఎంసీబీ పడిపోవడం మామూలుగా దాని తప్పు కాదు, వైరు కాలిపోకుండా అది కాపాడుతోంది. లైట్లకి వేసిన ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు మీద 10 ఆంపుల ఎంసీబీ తీసి 32ది పెట్టామనుకోండి, ఇక పడదు, కానీ గోడలోపల వైరు మాడుతున్నా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరే చేసే పరీక్ష ఒకటుంది: అన్ని ప్లగ్గులూ తీసేసి ఎంసీబీ ఎక్కించండి, నిలబడితే ఒక్కొక్క వస్తువే పెట్టుకుంటూ రండి, ఏది పెట్టినప్పుడు పడిపోయిందో ముందు దాన్నే అనుమానించండి. ఏమీ పెట్టకుండానే పడిపోతుంటే వైరింగులో సమస్య ఉండొచ్చు, అప్పుడు ఇక దాన్ని ఎక్కించే ప్రయత్నం చేయకుండా మమ్మల్ని పిలవండి. గీజరు, వాషింగ్ మిషన్ ఉన్న ఇంట్లో కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ నెలలోనే పెట్టించుకోండి. మా దగ్గరే అని కాదు, ఎవరితోనైనా సరే.

మోటారు గుయ్యిమంటోంది కానీ నీళ్లెక్కడం లేదు.

గుయ్యిమంటుంటే వెంటనే స్విచ్ ఆపేయండి, అలాగే వదిలేస్తే వైండింగ్ కాలుతుంది. అసలు తిరగడమే లేదంటే కండెన్సర్ పోయి ఉండొచ్చు, వోల్టేజీ తక్కువై ఉండొచ్చు, చాలా రోజులు వాడకపోతే లోపల తుప్పు పట్టి బిగుసుకునీ ఉండొచ్చు. తిరుగుతోంది గానీ నీళ్లు రావడం లేదంటే, సంపు మోటారైతే గాలి పట్టింది, సంపులో పైపు అడుగునుండే ఫుట్ వాల్వు సరిగా మూసుకోవడం లేదు. మోటారు పైనున్న మూత తిప్పి ఒక చెంబు నీళ్లు పోసి చూడండి, ఎక్కితే ఆ పూట గడుస్తుంది, వాల్వు మాత్రం మార్పించాల్సిందే. బోరు మోటారు పైకి లాగాల్సిన పనైతే ఇద్దరు మనుషులు కావాలి, రేటు వేరు, అది బుక్ చేసేముందే స్క్రీన్ మీద కనిపిస్తుంది.

గోడకి నెమ్ము ఎక్కింది. పెయింట్ వేయిస్తే పోతుందా?

పోదు. వానాకాలం రాగానే మళ్లీ పొంగుతుంది, పెయింట్ డబ్బులు దండగ. నెమ్ము ఎక్కడ నుంచి వస్తోందో గోడే చెబుతుంది, కాస్త ఓపిగ్గా చూడాలి. కింద నుంచి మోకాలెత్తు వరకూ ఉప్పు పొంగినట్టు తెల్లగా రాలుతుంటే నేలలో తేమ ఎక్కుతోంది. బాత్రూం అవతలి గోడకైతే పైపు లీకో, టైల్స్ సందులు విడిపోవడమో. మిద్దె కింద గుండ్రటి మరకలైతే పైన నీళ్లు నిలుస్తున్నాయి. మూడింటికీ మందు వేరు వేరు, ఒకే రసాయనం డబ్బా తెచ్చి అన్నింటికీ పూస్తామన్నవాళ్లని నమ్మకండి. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మిద్దె పని చేయించాలంటే కాంక్రీటు బాగా ఎండి ఉండాలి, కాబట్టి ఎండలుండగానే చేయించుకోవడం మేలు, తుపాను హెచ్చరిక వచ్చాక ఫోన్ చేస్తే బేల్దారి దొరికినా తడి స్లాబు మీద చాలా పూతలు సరిగా పట్టవు.

ఇంట్లోకి వాననీళ్లు వచ్చి పోయాయి. కరెంటు వేసుకోవచ్చా?

తొందరపడొద్దు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకీ మన వైపు ఎన్నో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నేల ఆరినట్టు కనిపిస్తుంది, కానీ సాకెట్ల డబ్బాల్లో, గోడలోపలి పైపుల్లో నీళ్లు నిలిచే ఉంటాయి. మెయిన్ ఆఫ్‌లోనే ఉంచండి, మెయిన్ దగ్గరే నీళ్లుంటే దాన్ని కూడా ముట్టుకోకుండా 1912కి ఫోన్ చేసి కరెంటు శాఖవాళ్లకి చెప్పండి. తడిసిన ఫ్రిజ్, మోటారు, ఇన్వర్టరు టెస్టు చేయకుండా ఆన్ చేయొద్దు. తుపాను తర్వాతి వారం వైరింగ్ చెక్‌కి మేము విజిట్ ఛార్జీ తీసుకోం.

గ్యాస్ వాసన వస్తోంది. ఎంతసేపట్లో వస్తారు?

మాకోసం ఎదురుచూడొద్దు. సిలిండర్ రెగ్యులేటర్ ఆఫ్ చేయండి, తలుపులూ కిటికీలూ తీయండి, ఏ స్విచ్చూ వేయొద్దు, ఆపొద్దు, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి. పొయ్యి బర్నర్లు శుభ్రం చేయడం, మంట పసుపు రంగులో రావడం లాంటివి తర్వాత మేము చూస్తాం. రబ్బరు ట్యూబు మీద అచ్చువేసిన తేదీ చూసుకోండి, ఐదేళ్లు దాటితే చిల్లు లేకపోయినా మార్చాలి.

మా ఇంటికి ఆర్వో కావాలా?

నీళ్లు టెస్టు చేయించాక మాట్లాడుకుందాం. నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చెప్పే టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుంటే, మిగతా పరీక్షలు కూడా బాగుంటే ఆర్వో లేకుండా గడిచిపోతుంది. ఒంగోలుకి పడమటి వైపు, కనిగిరి ప్రాంతంలో సంగతి వేరు, అక్కడ బోరు నీళ్లలో ఫ్లోరైడు బాధ ఉంది. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడు పోదు, క్యాండిల్ ఫిల్టరుతోనూ పోదు. అలాంటి చోట ఆర్వో అవసరమే, దానిలోపల నీళ్లు వడగట్టే పొర, అంటే మెంబ్రేన్, సమయానికి మార్చడం ఇంకా అవసరం. టీడీఎస్ పెన్ను ఫ్లోరైడుని చూపించదు, దానికి ల్యాబులోనే పరీక్ష చేయించాలి.

ఇన్వర్టరు బ్యాటరీలో ఆర్వో నీళ్లు పోయొచ్చా?

వద్దు, డిస్టిల్డ్ వాటరే.

మనిషి వచ్చాక రేటు పెంచితే?

విజిట్‌కి 149 రూపాయలు, పని చేయించుకుంటే అది బిల్లులో తగ్గిస్తాం. వచ్చినాయన ముందు జబ్బేంటో చెప్పి, అయ్యే ఖర్చు యాప్‌లో పెడతాడు, మీరు ఓకే నొక్కాకే స్క్రూడ్రైవర్ తీస్తాడు. తీసేసిన పాత సామాను మీ ఇంట్లోనే వదిలిపెట్టాలన్నది మా నియమం, కండెన్సర్ అయినా సరే, మీకు ఇచ్చి చూపించాల్సిందే. అదే సమస్య 30 రోజుల్లోపు మళ్లీ వస్తే ఇంకోసారి డబ్బులు అడగం.

మా అమ్మానాన్న ఊళ్లో ఉంటారు, నేను హైదరాబాదులో. ఎలా బుక్ చేయాలి?

మాకు వచ్చే బుకింగుల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. అడ్రసు వాళ్లది పెట్టి, "కుటుంబం కోసం" అనే చోట వాళ్ల నంబరు ఇవ్వండి. వెళ్లే మనిషి పేరు, ఫోటో ముందుగా ఇద్దరికీ వస్తాయి. డబ్బుల సంగతి మీతోనే మాట్లాడతాం, పెద్దవాళ్లని ఆ టెన్షన్ పెట్టం. వాళ్లు "మజ్జిగ తాగి పో నాయనా" అంటే మాత్రం మావాళ్లు కాదనరు.

కొళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. ఇంత చిన్న పనికి వస్తారా?

వస్తారు. ఈ రాత్రి కొళాయి కింద బకెట్ పెట్టి పొద్దున్నే ఎన్ని నీళ్లున్నాయో చూడండి. పాతరకం కొళాయైతే లోపల వాషరు, కొత్తరకమైతే స్పిండిల్, మార్చడానికి పావుగంట. ఇంటి కొళాయిలకి నీళ్లు ఆపే మెయిన్ వాల్వు ఎక్కడుందో చూసి పెట్టండి, మా మనిషి రాగానే అడిగే మొదటి ప్రశ్న అదే.