డిసర్టేషన్ డ్రాఫ్ట్ సమర్పణకు గడువు పొడిగించమని విన్నపం

గుంటూరు,
నవంబర్ 3

గౌరవనీయులైన మేడమ్ గారికి,
నమస్కారం.

విషయం: డ్రాఫ్ట్ గడువును నవంబర్ 20 నుంచి డిసెంబర్ 12కు పొడిగించడం గురించి.

నేను ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం, ప్రసూతి విభాగం విద్యార్థినిని. తొలి కాన్పు తల్లులకు పాలిచ్చే పద్ధతి నేర్పి, లాచ్ స్కోర్‌లో మార్పు చూసే అధ్యయనం మీ దగ్గర చేస్తున్నాను. 60 మంది తల్లులకు గాను 38 మందివి పూర్తయ్యాయి. మొదటి మూడు అధ్యాయాలు రాసి, ఈ ఉత్తరంతో పాటు జతచేశాను.

ఆగింది డేటా దగ్గరే, మేడమ్. మా బ్యాచ్‌లో సగం మంది కమ్యూనిటీ పోస్టింగ్‌కు వెళ్ళడంతో లేబర్ రూమ్ నైట్లు మిగిలినవాళ్ళ మీద పడ్డాయి. నా పోస్టింగ్ నవంబర్ 16 దాకా ఉంది. ఉదయం డ్యూటీ దిగి పోస్ట్‌నేటల్ వార్డుకు వెళ్ళి మొదటి స్కోర్ వేసి, నేర్పి వస్తున్నాను. మరుసటి రోజు రెండో స్కోర్ వేయాలి. ఆ సమయానికి నేను లేబర్ రూమ్‌లో కాన్పు మధ్యలో ఉంటే వదిలి రాలేను. నార్మల్ డెలివరీ తల్లులు ఈలోగా డిశ్చార్జ్ అయిపోతున్నారు. రెండో స్కోర్ లేని కేసులను లెక్కలోకి తీసుకోలేదు.

ఫ్రెండ్‌తో స్కోర్ వేయించవచ్చని కొందరు అన్నారు. నాకు అది సరి అనిపించలేదు. పైలట్ స్టడీలో మీరూ నేనూ విడివిడిగా వేసిన స్కోర్లు కలిశాకే మీరు నన్ను ముందుకు వెళ్ళమన్నారు. మొన్న సిజేరియన్ అయిన ఒక తల్లి దగ్గర బిడ్డ నోరు రొమ్ముకు ఆనే ఉంది, దవడ కూడా కదులుతోంది, కానీ మింగే చప్పుడు లేదు. పక్కన కూర్చుని చెవి పెట్టి వింటే గానీ తెలియలేదు. కుట్ల నొప్పికి ఆమె ముందుకు వంగలేకపోతోంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, బిడ్డను పొట్టకు పొట్ట ఆనేలా పట్టించాక గుటకలు వినిపించాయి. హడావిడిగా చూసినవాళ్ళు మొదటిసారే రెండు మార్కులు వేసేసేవారు. అలాంటి అంకెలతో డిసర్టేషన్ ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

డ్యూటీ తగ్గించమని అడగడం లేదు, మేడమ్. అక్కడ చేతులు చాలడం లేదు, నా కేస్ బుక్‌కూ ఆ కాన్పులు కావాలి. నవంబర్ 17 నుంచి నా పోస్టింగ్ పోస్ట్‌నేటల్ వార్డులోనే. మిగిలిన 22 మందివి నెలాఖరుకు పూర్తి చేసి, డిసెంబర్ మొదటి వారంలో స్టాటిస్టిక్స్ సార్ దగ్గర విశ్లేషణ చేయించి, 12న పూర్తి డ్రాఫ్ట్ మీకు ఇస్తాను. యూనివర్సిటీ ఆఖరి తేదీకి ఇది అడ్డు కాదు, మీరు దిద్దడానికీ సమయం మిగులుతుంది.

దయచేసి అనుమతించి, ప్రిన్సిపాల్ గారికి పంపవలసిన ఫారం మీద సంతకం చేయవలసిందిగా కోరుతున్నాను. గురువారం నాకు నైట్ ఆఫ్. మీకు వీలైన సమయం చెబితే డేటా షీట్లు తీసుకుని వచ్చి కలుస్తాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
కె. స్వర్ణలత
ఎమ్మెస్సీ నర్సింగ్, రెండో సంవత్సరం

జతపరచినవి: మొదటి మూడు అధ్యాయాలు, డ్యూటీ రోస్టర్ నకలు, గడువు పొడిగింపు ఫారం