పొడుల తయారీ, ప్రైవేట్ లేబుల్ షరతుల గురించి

ఫ్యాక్టరీ మేనేజర్ గారికి,
గుంటూరు.

విజయవాడ సత్యనారాయణపురం నుంచి పద్మజ నమస్కారాలు.

పోయిన గురువారం మీ ఫ్యాక్టరీకి వచ్చి వేపుడు డ్రమ్ములు, గ్రైండింగ్ గది, ప్యాకింగ్ చూసి వెళ్లాను. తొడిమలు తీసే చోట ఆడవాళ్లు బూజు పట్టిన కాయల్ని ఏరి పక్కన పెట్టడం చూశాక నాకు సగం నమ్మకం కుదిరింది. ఆ రోజు మీకు లోడు దిగుతోంది, తీరిగ్గా మాట్లాడలేకపోయాం. "అడగాల్సినవన్నీ రాసి పంపండమ్మా, ఒకేసారి చెప్తాను" అన్నారు కదా, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా అత్తగారు ఇరవై ఏళ్లుగా ఇంట్లో పొడులు చేసి తెలిసినవాళ్లకు ఇస్తున్నారు. ఇప్పుడు నేను, ఇద్దరు మనుషులు కలిసి నెలకు 90 కిలోల దాకా చేస్తున్నాం. ఇంతకు మించి మా వల్ల కావడం లేదు. నల్లకారం, కరివేపాకు కారం, కందిపొడి, ఈ మూడింటినీ 100 గ్రాముల పౌచుల్లో మా సొంత పేరుతో విజయవాడ, గుంటూరు కిరాణా షాపులకు వేయాలని నా ఆలోచన. తయారీ మీది, అమ్మకం మాది.

ముందు రేటు. రకాన్ని బట్టి కిలోకి ఎంతో విడివిడిగా చెప్పండి. అందులో పౌచు, సీలింగ్, అట్టపెట్టె కలిశాయా, జీఎస్టీ విడిగానా అన్నది కూడా రాయండి. నల్లకారానికి కాయ నేనే యార్డు నుంచి కొనిచ్చి, మీకు జాబ్‌వర్క్ కూలి ఇచ్చే పద్ధతి ఉందా? తేజ కాయ ఘాటు ఎక్కువ, మా అత్తగారు రంగు కోసం వేరే కాయ కలుపుతారు. ఆ పాళ్లు తప్పితే రుచి మారిపోతుంది. అలా చేస్తే తొడిమకు, వేపుడులో ఆరిపోయే తడికి కలిపి ఎంత తరుగు పట్టుకుంటారో కూడా తెలియాలి.

ఇక మినిమం సంగతి. రకానికి 500 కిలోలకు తక్కువ చేయడం కుదరదని మీ సూపర్‌వైజర్ అన్నారు. మూడు రకాలకు 1,500 కిలోలు. నెలకు 90 కిలోలు అమ్మే నాకు అది పదహారు నెలలకు పైగా వచ్చే సరుకు. వెల్లుల్లి, చింతపండు పడిన పొడి అన్నాళ్లు గోడౌన్‌లో ఉంటే వాసన పోతుంది. పైగా గడువు సగమైనా మిగిలి లేకపోతే షాపువాళ్లు తీసుకోరు. అందుకని మొదటి రెండు ఆర్డర్లు రకానికి 100 కిలోల చొప్పున, అంటే వెయ్యి పౌచుల చొప్పున చేయగలరా? దానికి కిలో మీద కొంత ఎక్కువ అడిగినా ఇస్తాను. అమ్మకం పెరిగితే మూడో ఆర్డరు నుంచి రకానికి 200 కిలోలు. మీ వేపుడు డ్రమ్ము ఒక్క వాయికి ఎంత పడుతుందో చెబితే దానికి తగ్గట్టు లెక్క సర్దుకుంటాను.

పౌచు ఫిల్మ్ మినిమం వేరే ఉంటుందని తెలుసు. ఒక్కో రంగుకు ఒక్కో సిలిండరు, మూడు డిజైన్లు, డిజైనుకు ఐదు రంగులంటే 15 సిలిండర్లు. మొదట్లోనే అంత ఖర్చు నేను పెట్టలేను. మూడు రకాలకూ ఒకే పౌచు వేసి, పేరు, పదార్థాలు, పోషక విలువలు ఉన్న స్టిక్కరు మాత్రం మారిస్తే మీకేమైనా ఇబ్బందా? తర్వాత సిలిండర్లు చేయించినా డబ్బు నాది కాబట్టి అవి నావే. మీ దగ్గరున్నా, నేను అడిగిన రోజు ఇచ్చేయాలి.

ఆర్ట్‌వర్క్ దగ్గర నాకు ఎక్కువ టెన్షన్. పోయినేడు మా కందిపొడి స్టిక్కరు మీద పదార్థాల్లో వెల్లుల్లి రాయడం మర్చిపోయాం. ప్రింటింగ్ షాపువాళ్లు ఫోన్‌లో ఫోటో పంపారు, హడావుడిలో సరే అన్నాను. వెల్లుల్లి తినని ఇంటికి ఆ ప్యాకెట్టు వెళ్లింది. ఆ పెద్దావిడ ఫోన్ చేసి అడిగితే నాకు నోట మాట రాలేదు. మిగిలిన 2,000 స్టిక్కర్లూ పారేశాం. అందుకని ఈసారి ఫోన్ ఫోటో మీద సరే అనడం ఉండదు. అసలు సైజులో రంగు ప్రింటు తీసి పంపండి, దాని మీద నేను సంతకం, తేదీ వేసి ఇస్తాను. అది మీ చేతికి వచ్చేదాకా ప్రింటింగ్ మొదలు కాకూడదు. సంతకం పెట్టిన ప్రింటులో తప్పుంటే నష్టం నాది, ప్రింటుకీ పౌచుకీ తేడా వస్తే మీది. ఇది మీకు సమ్మతమేనా? ప్రింటు చూసి చెప్పడానికి నాకు ఐదు పనిరోజులు కావాలి.

పౌచు మీద తయారీదారుగా మీ పేరు, చిరునామా, అమ్మేవారిగా మావి, రెండు ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్లూ ఉండాలి. మీ లైసెన్సు కాపీ పంపండి, 14 అంకెల్నీ దాన్ని చూసే వేయిస్తాను. శాకాహారం గుర్తు, నికర బరువు, కస్టమర్ కేర్ నంబరు డిజైన్‌లోనే ఉంటాయి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు, ఎంఆర్‌పీ, గ్రాము ధర మాత్రం ప్యాకింగ్ రోజున ఇంక్‌జెట్‌తో కొట్టాలి. కాయ ధర మారినప్పుడల్లా పౌచులు పారేయలేం కదా. ఇంకొకటి, అదే మెషీన్‌లో పల్లీ పొడి పడుతుండగా చూశాను. మా బ్యాచ్‌కి ముందు మెషీన్ ఎలా శుభ్రం చేస్తారు? పల్లీ ఆనవాళ్లు ఉండే అవకాశం ఉంటే ఆ మాట పౌచు మీద వేసి తీరాలి, పల్లీ పడని పిల్లలుంటారు.

అన్నిటికంటే ముఖ్యంగా అడగాల్సింది మా పాళ్ల గురించి. రెండేళ్ల కిందట ఇంకో చోట నల్లకారం పట్టించాం. పేరు వద్దులెండి. ఆరు నెలలు తిరక్కుండానే మా వీధి చివరి షాపులో అదే రంగు, అదే వాసన, వేరే లేబుల్. మా అత్తగారు వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. ఆ రోజు అన్నం తినలేదు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు కాబట్టి మేం అడగడానికీ లేకపోయింది.

కందిపొడి అందరూ చేస్తారు, దాని మీద నాకు హక్కు కావాలని అడగను. నల్లకారం, కరివేపాకు కారం పాళ్లు, ఏది ముందు ఎంతసేపు వేపాలన్న వరుస మాత్రం మావి. ఆ రెండూ మీరు వేరే ఎవరికీ, మీ సొంత బ్రాండుకు కూడా చేయకూడదు. మన ఒప్పందం ఆగిపోయినా ఇంకో రెండేళ్లు ఆ మాట నిలవాలి. ఊరికే అడగడం లేదు. బదులుగా ఏడాదికి 400 కిలోల నల్లకారం మీ దగ్గరే చేయిస్తానని రాసిస్తాను. అంత తీసుకోలేకపోతే మీరు ఏం కోరతారో చెప్పండి. మా పేరు వేసిన పౌచులు, తేడా వచ్చిన సరుకు విడిగా బయటకు పోకూడదు. లెక్క చూపించి నా ముందే నాశనం చేయాలి. ఇవన్నీ స్టాంపు పేపరు మీద రాసుకున్నాకే పాళ్ల కాగితం మీ చేతికిస్తాను. అపనమ్మకం అనుకోవద్దు, ఒకసారి దెబ్బ తిన్నాం.

ప్రతి బ్యాచ్‌కి తేమ, మొదటి బ్యాచ్‌కి అఫ్లాటాక్సిన్, కృత్రిమ రంగుల పరీక్ష ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌లో చేయించాలి. మొదటి బ్యాచ్ ఖర్చు నేను పెట్టుకుంటాను. అడ్వాన్సు ఎంత, ఆర్డరు ఇచ్చాక ఎన్ని రోజులకు సరుకు వస్తుంది, విజయవాడకు రవాణా ఎవరిది అన్నవి కూడా రాయండి.

మీ జవాబు చూసుకుని, మాట కుదిరితే, వచ్చే వారం ఐదు కిలోల ట్రయల్ వాయికి ఒక రోజు ఇవ్వండి. అత్తగారిని తీసుకొస్తాను. మోకాళ్ల నొప్పి ఉంది, వేపుడు గదిలో ఒక కుర్చీ వేయించండి. ధనియాలు దించే సమయం ఆవిడ వాసన చూసే చెబుతారు.

ఇట్లు,
పద్మజ
సత్యనారాయణపురం, విజయవాడ