అండర్-16 బాలుర కబడ్డీ మ్యాచ్: రిఫరీ సంఘటన నివేదిక

టోర్నమెంట్ నిర్వాహక సంఘం కన్వీనర్ గారికి,

తేది 12-01-2025, తెనాలి. నీలం జెర్సీ, ఎరుపు జెర్సీ జట్ల మధ్య సెమీఫైనల్. 15 నిమిషాల చొప్పున రెండు అర్ధభాగాలు. పేర్లకు బదులు చెస్ట్ నంబర్లు వాడాను. పేర్లు స్కోరుషీట్‌లో ఉన్నాయి.

రెండో అర్ధభాగంలో గడియారం 12:20 దగ్గర ఉంది. స్కోరు నీలం 24, ఎరుపు 23. నీలం 7 కూతకు వెళ్లాడు. ఎవరినీ తాకకముందే అతని ఎడమ పాదం లాబీలో పడిందని ఆ వైపు ఉన్న మొదటి అంపైర్ ఔట్ ఇచ్చారు. నేను ఉన్న చోటు నుంచి ఆ పాదం కనబడలేదు. అంపైర్ నిర్ణయాన్నే ఖరారు చేసి, ఎరుపుకు పాయింటు ఇచ్చాను. స్కోరు 24-24.

నీలం 7 "కార్నర్ కాలు తాకాను సార్" అని రెండుసార్లు అని వెనక్కి వెళ్లిపోయాడు. నీలం 4 మధ్య గీత దాటి వచ్చి, ఎరుపు 3 ఛాతీ మీద రెండు అరచేతులతో నెట్టాడు. ఎరుపు 3 వెల్లకిలా పడ్డాడు, కుడి మోచేయి చర్మం గీరుకుపోయింది. వెంటనే ఎరుపు 9 కుడి పిడికిలితో నీలం 4 ఎడమ చెంప మీద ఒకసారి కొట్టాడు. ఈ రెండూ సుమారు 3 మీటర్ల దూరం నుంచి స్వయంగా చూశాను. నెట్టడానికి ముందు ఎరుపు 3 ఏదో అన్నాడని రెండో అంపైర్ చెప్పారు. నాకు వినబడలేదు. ఆయన వాంగ్మూలం విడిగా జతచేశాను.

సాయంత్రం 4:38కి ఆట ఆపాను. నీలం కోచ్ కోర్టులోకి వచ్చి "డబ్బులు తిని ఆడిస్తున్నారా?" అని నాతో అన్నారు. గ్రీన్ కార్డు చూపించగానే బయటకు వెళ్లారు. అదే సమయంలో ఎనిమిది మందో పది మందో తాడు దాటి లోపలికి వచ్చారు, లెక్కపెట్టలేదు. స్కోరర్ బల్ల పక్కన నీళ్ల సీసా పడింది. విసిరినవారిని నేను గానీ, స్కోరర్ గానీ చూడలేదు. ఎవరికీ తగల్లేదు.

ఎరుపు 9కి రెడ్ కార్డు, నీలం 4కి ఎల్లో కార్డు, 2 నిమిషాల సస్పెన్షన్. వాలంటీర్లు జనాన్ని తాడు బయటకు పంపాక 4:47కి ఆట మళ్లీ మొదలైంది. ఎరుపు జట్టు 9 స్థానంలో మరొకరిని దింపలేదు. మోచేతికి ప్రథమ చికిత్స అయ్యాక ఎరుపు 3 ఆట కొనసాగించాడు. నీలం 4 చెంప ఎర్రబడింది, రక్తం రాలేదు.

తుది స్కోరు నీలం 27, ఎరుపు 26. స్కోరుషీట్‌లో ఎరుపు గడిలో 25 కొట్టేసి 26 అని ఉంది. అది కూడికలో పొరపాటు, ఇద్దరు కెప్టెన్ల ఎదుట నేనే దిద్ది పొట్టి సంతకం పెట్టాను. కెప్టెన్లిద్దరూ సంతకం చేశారు. ఎరుపు కోచ్ చేయలేదు, కారణం చెప్పలేదు.

జతపరచినవి: స్కోరుషీట్ నకలు, రెండో అంపైర్ వాంగ్మూలం.

మ్యాచ్ రిఫరీ
12-01-2025, సాయంత్రం 6:10