స్వాతికి, చిన్నమ్మ రాస్తున్నది

స్వాతీ,

మొన్న ఇంట్లో అంతమంది మధ్య నీతో నిమ్మళంగా మాట్లాడలేకపోయాను. అందుకే రాస్తున్నా. ఒక్కసారే చదవాలనేం లేదు, చదవబుద్ధైనప్పుడు చదువు.

"ఆ రోజు నాన్న ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు చిన్నమ్మా" అని నాలుగైదుసార్లు అన్నావు. బావగారి ఫోన్ నేను చూశాను. నీకు చేసింది 6:40కి, కోదాడలో టీ తాగి బండి తీయకముందు. ఎఫ్‌ఐఆర్‌లో లారీ ప్రమాదం 7:20కి, మునగాల దాటాక అని ఉంది. ఆపదలో పడి నిన్ను పిలిచిన ఫోన్ కాదది. నీ తర్వాత మీ అమ్మకు చేసి "కూర ఏం చేసినవ్" అని అడిగారు. నువ్వు ఎత్తినా మాటలు అలాంటివే అయ్యేవి, బండి ఆ దారినే వచ్చేది. ఈ లెక్క నీ మనసు వెంటనే ఒప్పుకోదు. "ఎత్తి ఉంటే" అని మళ్లీ మళ్లీ అడుగుతుంది. అడిగినప్పుడల్లా ఈ రెండు టైములు చూసుకో.

రెండోది, "ఆఖర్న నాన్న నన్ను తలుచుకున్నారా, నొప్పికి అల్లాడారా" అని అడిగావు. ఇరవై ఏళ్లుగా క్యాజువాలిటీలో పనిచేస్తున్నదాన్ని, ఉన్నదున్నట్టు చెప్తా. 108 వాళ్ల చీటీలో జీసీఎస్, అంటే స్పృహ ఎంతుందో చెప్పే లెక్క, 3 అని రాసి ఉంది. పూర్తి స్పృహ ఉంటే 15 వేస్తారు. 3 కన్నా తక్కువ లేదు: పిలిచినా, గిచ్చినా కళ్లు తెరవరు, నోట మాట రాదు, చెయ్యి కదలదు. అంబులెన్సు రాకముందు సంగతి ఒట్టేసి చెప్పలేను గానీ, తలకు అంత దెబ్బ తగిలితే మామూలుగా స్పృహ అక్కడే పోతుంది. నీ కోసం ఎదురుచూస్తూ పడి ఉన్నారన్న బొమ్మ నీ మనసు గీసుకున్నది.

ముఖానికి కట్లు ఉన్నాయని నిన్ను సరిగ్గా చూడనివ్వలేదు, ఆడపిల్లవని శ్మశానం దాకా రానివ్వలేదు. నీ కోపం న్యాయమైనదే. అస్థికలు ఇంకా ఉన్నాయి. వాడపల్లిలో కృష్ణా, మూసీ కలిసే చోట కలుపుతామంటున్నారు. నువ్వూ వెళ్లు. మీ బాబాయితో మాట్లాడాను, ఎవరైనా కాదంటే తను చూసుకుంటాడు. ఆ ఫోన్‌లో చెప్పాల్సిన మాటలు ముందురోజు కాగితం మీద రాసుకో. అలిగి మాట్లాడని రోజులుంటే అవీ రాయి. నీళ్ల దగ్గర పైకే చదువు. ఏడుపొచ్చి సగంలో ఆగితే ఆగనీ. వాడపల్లికి వద్దనిపిస్తే ఇంట్లో ఫొటో ముందైనా సరే.

నాన్న నంబర్‌కు రీఛార్జ్ ఆపకండి. ఆపితే కొన్నాళ్లకు ఆ నంబర్ ఇంకెవరికో ఇచ్చేస్తారు, పైగా బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. వాట్సాప్‌లో ఆయన వాయిస్ మెసేజీలు ఇవాళే ఇంకో చోట దాచు. వినడానికి తొందర లేదు.

కాగితాల పని నీ నెత్తిన వేసుకోకు. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం కాపీలు బాబాయి తెస్తాడు. మరణం 21 రోజుల్లో నమోదు కావాలి. లారీ ఇన్సూరెన్సు మీద ట్రిబ్యునల్‌లో కేసుకు చట్టం పెట్టిన గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలు. ఈలోపు లారీ తరఫు వాళ్లు వచ్చి "రాజీ చేసుకుందాం" అంటే నువ్వు గానీ అక్క గానీ దేని మీదా సంతకం పెట్టొద్దు.

వచ్చినవాళ్లు "రాత అమ్మా", "రుణం తీరిపోయింది" అంటారు. వాళ్లకీ ఏమనాలో తెలియక అనే మాటలవి. జవాబు చెప్పక్కర్లేదు, లేచి లోపలికి పోయినా ఎవరూ ఏమీ అనుకోరు. అనుకుంటే అనుకోనీ.

రాత్రి రెండు మూడింటికి మెలకువ రావడం, లారీ హారన్‌కు ఉలిక్కిపడటం, గేటు చప్పుడైతే నాన్నే అనుకోవడం, అసలు ఏడుపే రాకపోవడం: మొదటి వారాల్లో ఇవన్నీ ఉంటాయి. పిచ్చి పట్టడం కాదు. అత్తయ్య ఇచ్చే నిద్రమాత్ర మాత్రం వేసుకోకు, ఎవరికో రాసిన మందు నీకెందుకు? నెల దాటినా నిద్ర, తిండి ఇలాగే ఉంటే సైకియాట్రిస్టు దగ్గరికి నేను తీసుకెళ్తా. నాన్న దగ్గరికే పోవాలనిపిస్తే మాత్రం నెలదాకా ఆగకు, ఆ నిమిషమే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే. నేను దొరక్కపోతే 14416కు చెయ్యి, అది మానసిక సాయానికి ఉన్న టెలిమానస్ నంబర్, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

గురువారం పొద్దున మొదటి బస్సుకు వస్తున్నా. అన్నం, పప్పుచారు నేనే తెస్తా, పొయ్యి వెలిగించకండి. అక్క బీపీ మాత్రలు అయిపోవచ్చాయి, ఆ స్ట్రిప్ ఫొటో ఒకటి పంపు. దీనికి జవాబు రాయక్కర్లేదు.

చిన్నమ్మ